కేసు షీటులో 'కారణం' అనే గడి

మా మేనల్లుణ్ణి మొదటిసారి ఆసుపత్రిలో చేర్చిన రాత్రి, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కేసు షీటు నింపుతూ "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. మా బావ తడుముకోకుండా "గంజాయండీ" అన్నాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. గదిలో ఉండే స్నేహితులు ఫోను ఛార్జరులో కెమెరా పెట్టారని నమ్మాడు, ఇద్దరు మనుషులు తన ప్రతి కదలిక మీదా వ్యాఖ్యానం చేస్తున్నట్టు వాడికి మాటలు వినపడేవి, మూడు రాత్రులుగా నిద్ర లేదు. మూత్ర పరీక్షలో గంజాయి ఉన్నట్టు తేలింది. షీటులో 'గంజాయి వల్ల కలిగిన సైకోసిస్' అని రాశారు, అంటే గంజాయి వల్ల వాస్తవంతో పట్టు తప్పిందని. మా అక్క గోడవైపు తిరిగి ఏడుస్తోంది గానీ, నిజం చెప్పాలంటే ఆ మాట విన్నాక మా అందరికీ కొంత ఊపిరి వచ్చింది. కారణం దొరికింది కదా, ఇక తీసేస్తే సరిపోతుంది అనుకున్నాం.

నేను డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను, వైద్యుణ్ణి కాను. కానీ ఆ ఒక్క పదం మా ఇంట్లో చేసిన పని చూశాక, యువకుల్లో గంజాయికీ సైకోసిస్‌కూ ఉన్న సంబంధం గురించి అసలు పరిశోధనలు ఏం చెబుతున్నాయో చదవక తప్పలేదు. ఆ చదువులో నాకు తేలినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే, చిన్న వయసులో, రోజూ, ఘాటైన గంజాయి వాడేవారిలో అది ఈ జబ్బుకు ఒక కారణమని నమ్మడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. కానీ ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి విషయంలో మాత్రం, ఇదే కారణమని ఆ గడిలో రాయగల శాస్త్రం ఇంకా లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే అసలు ఇబ్బంది.

ఆ గడితో వచ్చే చిక్కు మన దేశంలో కొత్తది కాదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, భంగు, చరస్‌ల మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. పిచ్చాసుపత్రులు గంజాయి తాగినవాళ్లతో నిండిపోతున్నాయన్న ఆరోపణను తేల్చడం దాని పనుల్లో ఒకటి. 1892లో దేశంలోని పిచ్చాసుపత్రుల్లో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి వంటి మత్తులే కారణమని రిజిస్టర్లలో ఉంది. కమిషన్ ఆ కేసులను ఒక్కొక్కటిగా తిరగేసింది. చాలా చోట్ల ఆ కారణాన్ని రాసింది వైద్యుడు కాదు. మనిషిని పట్టుకొచ్చిన పోలీసులు పంపిన వివరాల కాగితంలో ఉన్నదాన్నే రిజిస్టరులోకి ఎక్కించారు. ఆ మనిషి గంజాయి తాగేవాడని ఎవరైనా చెబితే చాలు, అదే కారణమైపోయింది. తిరిగి విచారిస్తే 222లో 98 కేసులకే గంజాయిని కారణంగానో, కారణాల్లో ఒకటిగానో అంగీకరించవచ్చని తేలింది. అయితే కమిషన్ గంజాయిని నిర్దోషిగా వదిలిపెట్టలేదు. అతిగా వాడితే, అందులోనూ పుట్టుకతో బలహీనతో వంశపారంపర్య ధోరణో ఉన్నవారిలో, మతి చెడవచ్చని రాసింది. నూట ముప్పై ఏళ్ల తర్వాత నేటి పరిశోధకులు రాస్తున్న వాక్యం దీనికి ఆట్టే దూరంగా లేదు, అందులో అంకెలు చేరాయి అంతే.

ఆ అంకెల్లో మొదటివి స్వీడన్ నుంచి వచ్చాయి. ఈ అధ్యయనాన్ని కాస్త నింపాదిగా చూడాలి, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకుంటే తర్వాత వచ్చినవాటిలో సగం అర్థమవుతాయి. 1969-70లో అక్కడ సైన్యంలో నిర్బంధ శిక్షణకు పిలిచిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మత్తు అలవాట్ల గురించి అడిగారు. సమాధానాలు దొరికినవారు 45,570 మంది. తర్వాత పదిహేనేళ్లపాటు వారిలో ఎవరు స్కిజోఫ్రీనియాతో, అంటే సైకోసిస్ దీర్ఘకాలం వెంటాడే జబ్బుతో, ఆసుపత్రిలో చేరారో జాతీయ రిజిస్టరులో చూశారు. 1987లో ఫలితం ప్రచురించారు. ఎన్నడూ గంజాయి ముట్టనివారు 41,280 మంది, వారిలో జబ్బు వచ్చినవారు 197. యాభై సార్లకు మించి వాడామని చెప్పినవారు 752 మంది, వారిలో జబ్బు వచ్చినవారు 21. మొదటి గుంపులో వెయ్యికి అయిదుగురు, రెండో గుంపులో వెయ్యికి ఇరవై ఎనిమిది మంది. దాదాపు ఆరు రెట్లు.

పత్రికలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. ఆరు రెట్లు అన్న మాట ఆ 752 మందినీ ముట్టనివారినీ మిగతా అన్ని విషయాల్లో సమానంగా ఎంచుతుంది, నిజానికి వారు సమానం కారు. పద్దెనిమిదేళ్లకే యాభై సార్లు గంజాయి తాగిన స్వీడిష్ కుర్రాళ్లలో అప్పటికే మానసికంగా ఏదో ఒక నిర్ధారణ అయినవారు, తల్లిదండ్రులు విడిపోయినవారు మిగతావారికంటే చాలా ఎక్కువ. ఆ తేడాలను లెక్కలోంచి తీసేస్తే ఆరు రెట్లు కాస్తా 2.3 రెట్లకు దిగింది. అదీ అంచనాయే, అసలు విలువ ఉండగల హద్దులు 1.0 నుంచి 5.3 వరకు. మా విద్యార్థులకు నేను ఇలాంటిచోట చేయించే చిన్న లెక్క ఒకటుంది. 21ని 6తో భాగిస్తే మూడున్నర, అంటే గంజాయి లేకపోయినా జబ్బు పడి ఉండేవారు ముగ్గురో నలుగురో, మిగిలిన పదిహేడు మందీ గంజాయి ఖాతాలోకి వస్తారు. అదే 21ని 2.3తో భాగిస్తే తొమ్మిది, అంటే తొమ్మిది మందికి ఎలాగూ వచ్చేది, పన్నెండు మందిని గంజాయి ఖాతాలో రాయాలి. హద్దుల కింది కొస తీసుకుంటే ఆ ఖాతాలో ఎవరూ ఉండరు, పై కొస తీసుకుంటే మళ్లీ పదిహేడు. అందరూ అదే ఇరవై ఒక్కమంది మనుషులు. ఏ పన్నెండు మంది అన్నది మాత్రం ఏ లెక్కా చెప్పదు.

ఇందులోంచి నాకు కనపడినవి ఇంకా రెండున్నాయి. అంతగా వాడిన 752 మందిలోనూ 731 మందికి ఈ జబ్బు రాలేదు, గంజాయి తాగి బాగానే ఉన్నవాళ్లు ప్రతి హాస్టల్లోనూ కనపడటానికి కారణం ఇదే. మరోవైపు, జబ్బు పడిన మొత్తం 246 మందిలో 197 మంది ఎన్నడూ గంజాయి ముట్టనివారే. మా బావ నమ్మకానికీ, "అదొక మొక్క, దాంతో ఏం కాదు" అన్న మా మేనల్లుడి స్నేహితుల నమ్మకానికీ ఒకే పట్టికలో జవాబుంది. తర్వాత 2002లో ఇదే కుర్రాళ్లను, ఈసారి 50,087 మందిని, 1996 దాకా అనుసరించిన లెక్కలు వచ్చాయి. తెలివితేటల పరీక్ష మార్కులు, సిగరెట్లు, పెరిగిన ఊరు, ప్రవర్తన వంటివన్నీ తీసేశాక 6.7 రెట్లు 3.1కి దిగింది కానీ తేడా మాయం కాలేదు. సైన్యంలో చేరాక మొదటి అయిదేళ్లలో జబ్బు పడినవారిని, అంటే ప్రశ్న అడిగే నాటికే జబ్బు మొదలై ఉండగల వారిని, పక్కన పెట్టినా ఫలితం పెద్దగా మారలేదు. గంజాయి తప్ప వేరే మత్తు వాడనివారిలోనూ సంబంధం కనపడింది. నేను దీన్ని కారణంగా ఒప్పుకోవడం మొదలుపెట్టింది ఇక్కడే.

అయినా ఒక అనుమానం తీరదు. సైకోసిస్ ఒక్క రాత్రిలో రాదు. మాటలు వినపడటానికి నెలలో, ఏళ్లో ముందే నిద్ర చెదురుతుంది, మార్కులు తగ్గుతాయి, స్నేహితులు దూరమవుతారు, అర్థం లేని అనుమానాలు తొంగిచూస్తాయి. ఆ ఒంటరితనంలో, ఆ బెంగలో గంజాయి దగ్గరికి వెళ్లిన కుర్రాడి విషయంలో ఏది ముందు, ఏది వెనక? పైగా ఈ జబ్బు సాధారణంగా బయటపడే వయసూ, గంజాయి మొదలుపెట్టే వయసూ దాదాపు ఒకటే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను ఇప్పటికీ అనుసరిస్తున్న అధ్యయనానికి ఇక్కడ ఒక అరుదైన సౌలభ్యం ఉంది. వారు ఆ పిల్లలను పదకొండో ఏటనే "ఎవరికీ వినపడని మాటలు నీకు వినపడ్డాయా?" వంటి ప్రశ్నలు అడిగి ఉన్నారు. పదిహేనేళ్లకే గంజాయి వాడినవారిలో 10.3 శాతం మందికి ఇరవై ఆరేళ్లకు స్కిజోఫ్రీనియా తరహా జబ్బు ఉంది, వాడనివారిలో అది 3 శాతం. కానీ పదకొండో ఏటి లక్షణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గి, గణాంకపరంగా నిలబడలేదు. నిలబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, పదిహేనేళ్లకే వాడినవారు మొత్తం 29 మంది, 10.3 శాతం అంటే ముగ్గురు! ముగ్గురు మనుషుల మీద సిద్ధాంతం కట్టలేం, కొట్టిపారేయనూ లేం.

జన్యువుల పరిశోధన ఈ అనుమానాన్ని పెంచింది. స్కిజోఫ్రీనియా ముప్పు పెంచే జన్యు భేదాలు ఎక్కువగా ఉన్నవారు, జబ్బు లేకపోయినా, గంజాయి వాడే అవకాశం కొంత ఎక్కువని 2014 నుంచి వచ్చిన పనుల్లో కనపడింది. అంటే ఒకే విత్తు నుంచి రెండు మొలకలు వచ్చి ఉండవచ్చు. అయితే జన్యువుల ఆధారంగా కార్యకారణ దిశను తేల్చే పద్ధతుల్లో కొన్ని గంజాయి నుంచి జబ్బు వైపు, కొన్ని జబ్బు నుంచి గంజాయి వైపు, కొన్ని రెండువైపులా బాణం గీశాయి. నా అంచనాలో రెండువైపులా ఉందన్నదే నిజానికి దగ్గర. కానీ ఏ వైపు ఎంత అన్నది తేలలేదు.

తేలనిది అదైతే, గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం కొద్దిసేపు సైకోసిస్‌ను తెప్పించగలదన్నది మాత్రం ప్రయోగంలోనే తేలింది. 2004లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని గట్టిగా పరీక్షించి ఎంచుకున్న 22 మందికి రక్తనాళంలోకి 2.5, 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఎక్కించారు. అనుమానాలు, తెగిపోయే ఆలోచనలు, వింత అనుభూతులు వచ్చాయి, కొద్ది గంటల్లో పోయాయి. గంటల్లో పోయేదానికీ ఏళ్లు నిలిచేదానికీ మధ్య ఏముందో ఈ ప్రయోగం చెప్పదు. కానీ మోతాదు మీద దృష్టి పెట్టాలని చెబుతుంది. 2019లో అచ్చయిన యూరప్, బ్రెజిల్ అధ్యయనం ఆ పనే చేసింది. పదకొండు చోట్ల మొదటిసారి సైకోసిస్ వచ్చిన 901 మందిని, అదే ప్రాంతాల్లోని 1,237 మంది మామూలు మనుషులతో పోల్చారు. రోజూ వాడేవారిలో ముప్పు దాదాపు మూడు రెట్లు. టీహెచ్‌సీ 10 శాతానికి మించిన ఘాటైన రకాన్ని రోజూ వాడేవారిలో దాదాపు అయిదు రెట్లు. ఘాటైన రకమే బజారును ఏలే ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని పూర్తిగా తీసేయగలిగితే కొత్త కేసుల్లో సగం, లండన్‌లో దాదాపు మూడో వంతు తగ్గవచ్చని లెక్క కట్టారు. ఆ లెక్కకు ముందు 'అదే కారణమైతే' అన్న షరతు ఉంది, వార్తల్లో ఆ షరతు కనపడదు. ఎవరి పొట్లంలో ఎంత టీహెచ్‌సీ ఉందో పరిశోధకులు కొలవనూ లేదు, వాడేవారు చెప్పిన రకం పేరును బట్టి ఘాటు అంచనా వేశారు.

విశాఖ మన్యం నుంచి హైదరాబాదు దాకా దొరికే సరుకు పొట్లాల మీద శాతం ఎలాగూ రాసి ఉండదు. అయినా ఎండిన గంజాయికీ, దాన్నుంచి తీసిన హాష్ ఆయిల్‌కూ తేడా సారాకూ కల్లుకూ ఉన్నంత ఉంటుంది. పోలీసులు పట్టుకున్న సరుకు వార్తల్లో చిన్న చిన్న సీసాలు ఎక్కువవుతున్నకొద్దీ, "మా కాలంలోనూ తాగారు, ఏమైంది?" అనే పెద్దల మాట బలహీనపడుతుంది. మా మేనల్లుడు ఏది వాడాడో వాడికీ సరిగా తెలియదు. మొదట ఆకు, తర్వాత సిగరెట్టుకు రాసుకునే నూనె అని మాత్రం చెప్పాడు.

గంజాయి నిజంగా కారణమైతే వాడకం పెరిగినచోట జబ్బూ పెరగాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనది. కెనడాలో 2018లో గంజాయిని చట్టబద్ధం చేశారు. ఒంటారియో రాష్ట్రంలో ఒక కోటి ముప్పై లక్షలకు పైగా జనం వైద్య రికార్డులు చూసి 2025లో ప్రచురించిన లెక్క ప్రకారం, స్కిజోఫ్రీనియా కొత్త కేసుల్లో గంజాయి వ్యసనానికి ఆపాదించగల వాటా 3.7 శాతం నుంచి 10.3 శాతానికి పెరిగింది. కానీ స్కిజోఫ్రీనియా కొత్త కేసుల రేటు మాత్రం దాదాపు అలాగే ఉంది. పెరిగింది ఫలానా అని ఇంకా తేలని సైకోసిస్‌ల రేటు, అది లక్షకు 30 నుంచి 55కి వెళ్లింది. దీన్ని ఎటువైపువారు అటు చదువుకోవచ్చు. వ్యసనం పెరిగినప్పుడు జబ్బు పడేవారిలోనూ వ్యసనపరులే ఎక్కువ కనపడతారని ఒకరంటారు, జబ్బు పేరు ఖాయం కావడానికి ఏళ్లు పడుతుంది, ఆగి చూడండి అని ఇంకొకరంటారు. నేను రెండోవారి వైపు కొంచెం మొగ్గుతాను గానీ పందెం కాయను.

మళ్లీ మా ఇంటికి వస్తాను. పదకొండు రోజుల తర్వాత వాణ్ణి ఇంటికి పంపారు, రాత్రిపూట వేసుకోవడానికి ఓలాంజపిన్ మాత్రలు రాశారు. వాడు గంజాయి మానేశాడు, అందులో అబద్ధం లేదు. నాలుగు నెలలకు మాత్రల వల్ల ఒళ్లు వచ్చింది, పగలంతా నిద్ర. మా బావ ఒకరోజు మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. "గంజాయి వల్ల వచ్చిందని వాళ్లే రాశారు. గంజాయి మానేశాడు. ఇంకా మందులెందుకు?" అన్నాడు. తర్కంగా చూస్తే ఆ కాగితానికి అంతకంటే తిన్నని అర్థం లేదు. ఏడు వారాలకు ఆ ఇద్దరి గొంతులూ వాడికి మళ్లీ వినపడ్డాయి. ఈసారి మూత్ర పరీక్షలో ఏమీ లేదు.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. డెన్మార్క్‌లో 1994 నుంచి 2014 దాకా మత్తు వల్ల సైకోసిస్ వచ్చిందని నమోదైన 6,788 మందిని అనుసరిస్తే, గంజాయి వల్ల అని రాసినవారిలో 47.4 శాతం మందికి కాలక్రమేణా స్కిజోఫ్రీనియాయో బైపోలార్ జబ్బో నిర్ధారణ అయింది. ఏ మత్తుకూ అంత ఎక్కువ లేదు. అంటే 'గంజాయి వల్ల' అన్న పేరు చాలామందికి ముగింపు కాదు, తలుపు తెరుచుకోవడం మాత్రమే. మత్తు దిగాక నెలరోజులు దాటినా లక్షణాలు ఉంటే దాన్ని మత్తు సైకోసిస్‌గా లెక్కించడం సాధారణంగా ఆపేస్తారు. మూత్ర పరీక్ష కూడా అనుకున్నంత చెప్పదు, రోజూ తాగినవాడికి మానేశాక వారాల తరబడి అది పాజిటివ్‌గానే రావచ్చు. అందువల్ల అది వాడకానికి సాక్ష్యమే గానీ కారణానికి కాదు.

రెండోసారి చూసిన డాక్టరమ్మ పరీక్ష కాగితాలు పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద మూడు నిలువు గీతలు గీసింది. ఒకదానిలో గంజాయి, ఒకదానిలో చదువూ నిద్రా, ఒకదానిలో వింత మాటలూ చేష్టలూ, నెలలవారీగా. గంజాయి మొదలు బీటెక్ మొదటి ఏడాది రెండో సెమిస్టరులో, రోజూ తాగడం రెండో ఏడాది ఆగస్టు నుంచి, ఆసుపత్రి జనవరిలో. అప్పటిదాకా మా బావ చెప్పిన కథకు కాగితం సరిగ్గా సరిపోయింది. అప్పుడు మా అక్క నెమ్మదిగా అంది, "ఇంటర్ రెండో ఏడాదిలో కిటికీకి న్యూస్‌పేపర్లు అంటించాడమ్మా. ఎదురింటివాళ్లు తను ఎన్ని గంటలు చదువుతున్నాడో రాసుకుంటున్నారన్నాడు. పరీక్షల భయమనుకుని నవ్వుకున్నాం." మూడో గడిలో ఆ నెల చేరింది, గంజాయికి పది నెలల ముందు. "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అన్న ప్రశ్నకు మా బావ చాలాసేపు చెప్పుల వైపు చూసి, తన చిన్నాన్న ఒకాయన తనలో తాను మాట్లాడుకుంటూ ఇల్లు వదిలి వెళ్లిపోయాడని చెప్పాడు. పెళ్లై ఇరవై మూడేళ్లైనా మా అక్కకు తెలియని మాట అది.

మొదటి రాత్రి ఆయన అంత తొందరగా "గంజాయి" ఎందుకన్నాడో నాకప్పుడు అర్థమైంది. గంజాయి అంటే చెడు సావాసం, హాస్టలు, కాలం. అది ఇంటిపేరు జోలికి రాదు, వెనకున్న ఆడపిల్ల పెళ్లి సంబంధాల జోలికి రాదు. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

మరి ఆ కిటికీ మాట తెలిశాక గంజాయి నిర్దోషి అయిందా? కాలేదు. న్యూస్‌పేపర్ల దగ్గరే ఆగిపోగలిగిన పిల్లాణ్ణి ఆగస్టు నుంచి జనవరి దాకా రోజూ తాగిన నూనె అవతలికి నెట్టి ఉండవచ్చు. లేదా ఎలాగూ వచ్చేదాన్ని ముందుకు లాగి ఉండవచ్చు. 2011లో ఎనభైకి పైగా అధ్యయనాలను కలిపి చూస్తే గంజాయి వాడేవారికి సైకోసిస్ సగటున 2.7 ఏళ్లు ముందుగా వచ్చినట్టు తేలింది, మద్యంతో అలా కనపడలేదు. పంతొమ్మిదేళ్లకు రావడానికీ ఇరవై రెండుకు రావడానికీ మధ్య ఒక డిగ్రీ చదువు ఉంటుంది.

డాక్టరమ్మ ఆ గడిలో కారణమేమీ రాయలేదు. మాత్రల మోతాదు మార్చింది, కనీసం ఎంతకాలం వాడాలో బావ చేతే కాగితం మీద రాయించింది. జబ్బు వచ్చాక గంజాయి కొనసాగించినవారిలో అది తిరగబెట్టడం ఎక్కువనీ, మానేసినవారిలో అది ఎన్నడూ వాడనివారి స్థాయికి దగ్గరగా ఉంటుందనీ వాడికి చెప్పింది. ఈ ఒక్క సంగతికి జబ్బు దేనివల్ల వచ్చిందో తేలాల్సిన పని లేదు.

మొన్న సంక్రాంతికి వాడు మేడ మీద నా పక్కన కూర్చుని అడిగాడు, "మావయ్యా, తాగకపోయి ఉంటే నాకిది వచ్చేది కాదా?" నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను. స్వీడన్ పట్టిక గీసి 752, 21, 41,280, 197 రాశాను, పన్నెండు, తొమ్మిది లెక్క కూడా వేసి చూపించాను. వాడు కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత 197 చుట్టూ వేలితో సున్నా చుట్టి, "అయితే ఇందులో కూడా ఉండేవాణ్ణేమో" అన్నాడు.

"ఉండేవాడివేమోరా" అన్నాను.